పదాలు మార్చినంత మాత్రాన పేరా మనదవదు

గుంటూరు బ్రాడీపేటలోనో, విజయవాడలోనో థీసిస్ టైపు చేయించి బైండింగుకు ఇచ్చే పరిశోధక విద్యార్థుల మధ్య ఇప్పుడు కొత్త మాట ఒకటి వినిపిస్తోంది: శాతం తగ్గించడం. థీసిస్‌ను ఇతర రచనలతో కంప్యూటరులో పోల్చి ఎంత శాతం కలిసిందో చెప్పే సిమిలారిటీ రిపోర్టులో ముప్పై దాటిన అంకెను పదిలోపుకు దించే పని అది. కొందరు సొంతంగా చేసుకుంటారు, కొందరు డబ్బిచ్చి చేయించుకుంటారు. ఎవరు చేసినా పద్ధతి ఒకటే. ‘ప్రభుత్వం’ ఉన్నచోట ‘సర్కారు’, ‘పెరిగింది’ ఉన్నచోట ‘వృద్ధి చెందింది’, ‘ముఖ్యమైన’ ఉన్నచోట ‘ప్రధానమైన’. పేరా చివర కుండలీకరణాల్లో మూల రచయిత పేరు, సంవత్సరం. దీన్నే పారాఫ్రేజ్, అంటే మూలంలోని సంగతిని సొంత మాటల్లో తిరిగి చెప్పడం, అంటున్నారు.

అది పారాఫ్రేజ్ కాదన్నది నా వాదన. అంతకన్నా కటువుగా చెప్పాలంటే, ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాయడం కన్నా అది చెడ్డ పని. ఎత్తి రాసినప్పుడు మూల రచయిత చెప్పిన మాటైనా చెక్కుచెదరకుండా ఉంటుంది. పర్యాయపదాలు నింపినప్పుడు వాక్యం ఆయనదే, అర్థం మాత్రం ఆయనదీ కాదు, మనదీ కాదు.

ముందు ఆ శాతం సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే చర్చంతా అక్కడే చిక్కుకుపోతోంది. యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం పోలిక 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు. 10 నుంచి 40 దాకా ఉంటే ఆరు నెలలకు మించని గడువులో సరిచేసి ఇవ్వాలి. 40 నుంచి 60 దాకా ఉంటే ఏడాది పాటు సవరించిన ప్రతిని కూడా తీసుకోరు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. ఆధార సూచనతో ఇచ్చిన ఉటంకింపులు, గ్రంథసూచిక, చట్టాల పాఠాలు, ప్రామాణిక సూత్రాల వంటివి లెక్కలోకి రావు. అందరికీ తెలిసిన మాటలో, యాదృచ్ఛికంగా కలిసిన మాటలో అయితే వరుసగా 14 పదాల వరకు మినహాయింపు ఉంది.

ఆ 14 అన్న అంకె తెలుగులో రాసేవారికి ఎంత వదులుగా ఉంటుందో ఎవరూ ఆలోచించినట్టు లేదు. ఇంగ్లీషులో విడివిడిగా రాసే సహాయక క్రియలు, విభక్తులు, సముచ్చయాలు తెలుగులో క్రియకో నామవాచకానికో అతుక్కుంటాయి. ‘నిర్మించాలనుకున్నప్పటికీ’ అన్నది మన లెక్కలో ఒక్క పదం. పద్నాలుగు తెలుగు పదాల్లో ఒక ఆలోచన మొత్తం, షరతుతో సహా, ఇమిడిపోతుంది. దీనికి తోడు, మన పాత పుస్తకాలు చాలావాటికి యూనికోడ్ ప్రతే లేదు. అను ఫాంట్లలో కూర్చిన పుస్తకం నుంచి అక్షరాలు తీస్తే కంప్యూటరుకు దక్కేది అర్థంలేని గుర్తుల వరుస. అలాంటి పుస్తకాన్ని పుటలకు పుటలు దించేసినా రిపోర్టు శుభ్రంగా వస్తుంది. కాబట్టి తెలుగు థీసిస్‌కు తక్కువ శాతం వచ్చిందంటే అది నిజాయితీకి రుజువు కాదు, యంత్రానికి ఆ పుస్తకం తెలియదని మాత్రమే. మూల గ్రంథం చదివిన పరీక్షకుడు వైవాలో ఎదురుగా కూర్చుంటాడు. ఆయనకు తెలుసు.

ఇక ‘ఆధారం చూపించాను కదా మాస్టారూ’ అనే జవాబు. పేరా చివర రచయిత పేరు పెట్టి, ఉటంకింపు గుర్తులు పెట్టలేదంటే, పాఠకుడికి మనం రెండు మాటలు చెబుతున్నట్టు: ఆలోచన ఆయనది, చెప్పిన తీరు నాది. మొదటి మాట నిజం. వాక్యం ఎముకలన్నీ ఆయనవే అయినప్పుడు రెండో మాట అబద్ధం. ఆధార సూచన ఆ అబద్ధాన్ని కప్పిపుచ్చదు, పైగా పుట సంఖ్యతో సహా దొరకబుచ్చుకునే వీలు కల్పిస్తుంది. ఇటు పూర్తిగా సొంత నిర్మాణంతో రాసి ఆధారం చూపకపోవడం కూడా తప్పే. ఆలోచనకు అప్పు ఒకటి, వాక్యానికి అప్పు ఒకటి. ఒకటి తీర్చితే రెండోది తీరినట్టు కాదు.

ఒక ఉదాహరణ లేకుండా ఇదంతా గాలి మాటగా ఉంటుంది. కింది పేరా ఏ పుస్తకంలోనిదీ కాదు. ఈ వ్యాసం కోసం నేనే, చరిత్ర పుస్తకాల ధోరణిలో, కావాలని చిక్కగా రాశాను. దాన్ని ఒక పుస్తకంలోని 112వ పుట అనుకుందాం. పేరు, ప్రచురణ కాలం ఉండాల్సిన చోట ‘రచయిత’, ‘సంవత్సరం’ అనే పెడతాను.

“1832-33 నాటి నందన కరువు మిగిల్చిన నష్టం కృష్ణపై ఆనకట్ట ప్రతిపాదనలకు నేపథ్యంగా నిలిచినప్పటికీ, 1855లో పూర్తయిన ఆ ఆనకట్టను కేవలం కరువు నివారణ చర్యగా పరిగణించడం అసమగ్రమవుతుంది, ఎందుకంటే, భూమి శిస్తు రాబడిని పెంచుకోవాలన్న ప్రభుత్వ ప్రయోజనం కూడా ఆ నిర్మాణానికి ఆమోదం లభించడంలో బహుశా అంతే పాత్ర వహించింది. కాలువలు విస్తరించిన గ్రామాల్లో వరి సాగు స్థిరపడగా, వాటికి ఎగువన ఉన్న మెట్ట గ్రామాలు వర్షాధారంగానే మిగిలిపోవడంతో, ఒకే జిల్లాలో రెండు భిన్నమైన వ్యవసాయ ఆర్థిక వ్యవస్థలు పక్కపక్కనే రూపుదిద్దుకున్నాయి.”

శాతం తగ్గించే పద్ధతిలో ఇది ఇలా తయారవుతుంది:

“1832-33లో వచ్చిన నందన కరువు తెచ్చిన చేటు కృష్ణా నదికి అడ్డుకట్ట వేయాలన్న సూచనలకు కారణంగా ఉన్నా, 1855 నాటికి ముగిసిన ఈ కట్టడాన్ని కరువును అరికట్టే పనిగా మాత్రమే చూడటం అసంపూర్ణం, ఎలాగంటే, పన్నుల ఆదాయం పెంచుకోవాలన్న సర్కారు అవసరం సైతం దానికి అనుమతి రావడంలో సమాన భూమిక పోషించింది. కాల్వలు వ్యాపించిన ఊళ్లలో వరి పంట నిలదొక్కుకోగా, వాటికి పైన ఉన్న మెట్ట ఊళ్లు వానల మీదే ఆధారపడి ఉండిపోవడంతో, ఒకే జిల్లాలో రెండు వేర్వేరు సేద్యపు ఆర్థిక విధానాలు ఇరుగుపొరుగుగా ఏర్పడ్డాయి (రచయిత, సంవత్సరం, పు. 112).”

వరుసగా మూడు మాటలకు మించి ఎక్కడా కలవలేదు. యంత్రం దీన్ని దాదాపుగా వదిలేస్తుంది. కానీ రెండింటినీ పక్కపక్కన పెట్టి, పదాలను వదిలేసి, వాక్యాన్ని కలిపే కీళ్లను మాత్రం గీత గీసి చూడండి. అక్కడ ‘నిలిచినప్పటికీ’, ఇక్కడ ‘ఉన్నా’. అక్కడ ‘ఎందుకంటే’, ఇక్కడ ‘ఎలాగంటే’. ‘స్థిరపడగా’ ఉన్నచోట ‘నిలదొక్కుకోగా’, ‘మిగిలిపోవడంతో’ ఉన్నచోట ‘ఉండిపోవడంతో’. కామాలు కూడా అవే చోట్ల. ముందు ఒక మినహాయింపు, తర్వాత ఒక ఖండన, తర్వాత కారణం, ఆపై ఫలితం. వాదనను ఆ వరుసలో పేర్చడమే మూల రచయిత చేసిన శ్రమ. దాన్ని మొత్తంగా తీసుకుని, మీద రంగు మార్చాం.

దొంగతనం మాట పక్కన పెట్టినా, పని కూడా చెడింది. మూలంలో కరువు ‘నేపథ్యం’, ఇక్కడ అది ‘కారణం’ అయింది. చరిత్రకారుడికి ఈ రెండింటి మధ్య ఎంతో దూరం. మూలంలో ‘భూమి శిస్తు’ ఉంది, ఇక్కడ ‘పన్నులు’. ఉప్పు పన్ను కూడా పన్నే. ‘ఆర్థిక వ్యవస్థలు’ కాస్తా ‘ఆర్థిక విధానాలు’ అయ్యేసరికి, కాలక్రమంలో వాటంతట అవి రూపుదిద్దుకున్నవాటిని ఎవరో ఆలోచించి అమలు చేసినట్టయింది. ‘ఆనకట్ట’ అన్నది ఆ కట్టడానికి స్థిరపడిన పేరు, దాన్ని మార్చాల్సిన అవసరమే లేదు. అన్నిటికన్నా పెద్ద నష్టం ‘బహుశా’ ఎగిరిపోవడం. రచయిత ఊహగా, జాగ్రత్తగా అన్న మాట ఇక్కడ తిరుగులేని నిర్ణయంగా మారింది. ఆ నిర్ణయం కింద ఆయన పేరు, పుట సంఖ్య ఉన్నాయి. అనని మాటకు ఆయన్ని సాక్షిగా నిలబెట్టాం.

ఈ రకం రాతకు అమెరికాలో రచనాశాస్త్రం బోధించిన రెబెకా మూర్ హోవర్డ్ 1990లలో ‘పాచ్‌రైటింగ్’, అంటే అతుకుల రాత, అని పేరు పెట్టారు. మూలంలో కొన్ని పదాలు తీసేసి, కొంత వ్యాకరణం మార్చి, పదానికి పదం పెట్టి రాయడమే అది. దాన్ని ఆమె దొంగతనంగా చూడలేదు. అంతుబట్టని విషయాన్ని అందుకోవడానికి విద్యార్థి చేసే ప్రయత్నంలో ఒక దశగా చూశారు. నేను సగం ఒప్పుకుంటాను. పేరా అర్థంకాని పిల్లవాడు ఇలా రాస్తే అది దశే. యంత్రాన్ని దాటించడానికి, అర్థం చేసుకునే ప్రయత్నమే లేకుండా రాస్తే దశ అనడానికి నోరు రాదు. అయితే చికిత్స ఇద్దరికీ ఒకటే, అందుకే ఆ తగవును ఇక్కడ లాగను.

తెలుగులో రాసేవారిని ఇంకో భ్రమ పట్టుకుంటుంది: పదాల వరుస మార్చితే నిర్మాణం మారినట్టేనని. ‘ఆనకట్ట 1855లో పూర్తయింది’ అన్నదాన్ని ‘1855లో పూర్తయింది ఆనకట్ట’ అంటే ఏమీ మారలేదు. మన భాషలో విభక్తులు ఉండటం వల్ల పదాలను అటూ ఇటూ జరపడం చాలా సులువు. ఆ సులువును శ్రమగా లెక్కగట్టకూడదు. అలాగే పొడవైన వాక్యాన్ని ముక్కలు చేయడం. ‘1855లో పూర్తయిన ఆ ఆనకట్టను’ అన్నదాన్ని ‘ఆనకట్ట 1855లో పూర్తయింది. దాన్ని’ అని విడదీస్తే చదవడానికి హాయిగా ఉంటుంది, అంతే. మినహాయింపు, ఖండన, కారణం, ఫలితం అదే వరుసలో వస్తుంటే అవి రెండు వాక్యాలైనా ఎనిమిది వాక్యాలైనా నిర్మాణం ఆయనదే.

రచన నేర్పే పుస్తకాలన్నీ ఒక సలహా ఇస్తాయి: చదవండి, పుస్తకం మూయండి, గుర్తున్నది రాయండి. మంచి సలహాయే, మన దగ్గర తప్ప. విజయవాడ, గుంటూరు హాస్టళ్లలో ఇంటర్మీడియట్ చదివి వచ్చిన పిల్లలకు పుస్తకం మూస్తే వాక్యం మాయం కాదు. మూసిన పుస్తకాన్ని కామాలతో సహా ఒప్పజెప్పడానికే వాళ్లను రెండేళ్లు తీర్చిదిద్దారు. నా దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయి ఒకామె ఇలాంటి పేరాను రెండుసార్లు చదివి, పుస్తకం పక్కన పెట్టి, తన మాటల్లో రాశానని తెచ్చింది. మూలంతో పోల్చి చూస్తే ‘ఎందుకంటే’ కూడా తప్పిపోలేదు. ఆమె మోసం చేయలేదు. జ్ఞాపకశక్తి ఆమెను మోసం చేసింది. పుస్తకం మూయడానికి ముందే వాక్యాన్ని విరగ్గొట్టాలి.

విరగ్గొట్టడమంటే, పేరాలో ఎన్ని విడివిడి ప్రతిపాదనలున్నాయో తీసి కాగితం మీద పెట్టడం. వాక్యాలుగా కాదు, పొడి ముక్కలుగా. క్రియలు వీలైనంత తక్కువ ఉండాలి, ఎందుకంటే తెలుగు వాక్యం క్రియను పట్టుకునే నిలబడుతుంది. ఆ పట్టు దొరికితే పాత వాక్యం లేచి కూర్చుంటుంది. మన పేరాకు నేను రాసే నోటు ఇది: నందన కరువు, ఆనకట్ట ఆలోచనకు నేపథ్యం. ఆనకట్ట, 1855. ‘కరువు నివారణ కోసమే’ అనే వ్యాఖ్య చాలదు, రచయిత అభిప్రాయం. భూమి శిస్తు, ఆమోదంలో సమాన పాత్ర, ఊహ. కాలువ కింద వరి, మెట్టకు వాన. ఫలితం, రెండు వ్యవస్థలు.

ఆ ముక్కల పక్కన ఉన్న ‘అభిప్రాయం’, ‘ఊహ’, ‘ఫలితం’ అన్న గుర్తులే అసలు పని. 1855 అన్నది ఏ సామాన్య చరిత్ర పుస్తకంలోనైనా దొరికే సంగతి, దానికి ప్రత్యేకంగా ఎవరి పేరూ అక్కరలేదు. కరువు ఒక్కటే చాలదన్నది ఈ రచయిత తీర్పు, ఆయన పేరు లేకుండా అది మన థీసిస్‌లో కనిపించకూడదు. శిస్తు గురించిన మాట తీర్పు కూడా కాదు, ఊహ. మనం తిరిగి రాసేటప్పుడు ఆ మాట బరువు పెరగకూడదు, తగ్గకూడదు. పేరా అర్థమైందో లేదో ఇక్కడే తెలిసిపోతుంది. ఏ ముక్క పక్కన ఏ గుర్తు పెట్టాలో తోచకపోతే, ఆ పేరాను తిరిగి చెప్పే స్థితికి మనం ఇంకా రాలేదన్నమాట.

‘ఒకే జిల్లా’ అన్న మాట నోటు రాస్తేగాని కంటబడదు. ఏ కాలపు జిల్లా? గుంటూరు జిల్లాను 1859లో రద్దు చేసి కృష్ణా జిల్లాలో కలిపారు, 1904లో మళ్లీ వేరుచేశారు. 2022 ఏప్రిల్‌లో పల్నాడు, బాపట్ల విడిపోయాయి. తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండగా నరసరావుపేట పల్నాడు జిల్లాకు కేంద్రమైంది. మూలంలోని ‘ఒకే జిల్లా’ను ఆలోచించకుండా ‘గుంటూరు జిల్లా’ అని రాస్తే, చదివేవాడు ఇవాళ్టి పటం మీద వెతికి, రచయిత పొరబడ్డాడనుకుంటాడు.

నోటు ముందు పెట్టుకున్నాక వచ్చే ప్రశ్నకు మూల పేరాలో జవాబు ఉండదు. ఈ పేరా నా అధ్యాయానికి ఎందుకు కావాలి? మూల రచయిత ఆనకట్ట గురించి పుస్తకం రాస్తున్నాడు, కాబట్టి కరువుతో మొదలుపెట్టి మెట్ట ఊళ్లతో ముగించాడు. మా అమ్మాయి థీసిస్ మెట్ట ఊళ్ల గురించి. ఆమెకు ఆయన చివరి మాట మొదట కావాలి, ఆయన మొదటి మాట అవసరమైనంత వరకే కావాలి. సొంత నిర్మాణం ఎక్కడి నుంచి వస్తుందని అడిగే విద్యార్థులకు నా జవాబు ఇదే: సొంత ప్రశ్న నుంచి. భాషాపటిమ ఎంతున్నా, ప్రశ్న లేనివాడు ఎవరి పేరా అయినా ఉన్న వరుసలోనే మోయాలి, వేరే వరుస అతనికి దొరకదు. మన థీసిస్‌లలో సాహిత్య సమీక్ష అధ్యాయాలు అతుకుల రాతకు ఆలవాలం కావడానికి అసలు కారణం భాష రాకపోవడం కాదు. ‘ఫలానావారు ఇలా అన్నారు, మరొకరు ఇలా అన్నారు’ అని పేర్చడమే సమీక్ష అనుకోవడం.

ఆమె మార్చి తెచ్చిన పేరా మొదటి వాక్యం ఇలా ఉంది: “రచయిత (సంవత్సరం) ప్రకారం, తెనాలి వైపు మాగాణి ఊళ్లకూ నరసరావుపేట వైపు మెట్ట ఊళ్లకూ మధ్య తేడా కాలువ నీటి వల్ల వచ్చింది.” వాక్యం పూర్తిగా ఆమెదే, నిర్మాణం కొత్తది. అయినా తప్పు. మూల పేరాలో తెనాలి లేదు, నరసరావుపేట లేదు. అవి ఆమె పరిశోధన నుంచి వచ్చిన ఊళ్లు. వాటిని ‘రచయిత ప్రకారం’ అన్న గొడుగు కిందకు లాగడంతో, ఆయన చూడని ఊళ్లకు ఆయన చేత పూచీ ఇప్పించినట్టయింది. పదాలు మార్చేవాళ్లు చేసే తప్పుకు ఇది తలకిందులు. అక్కడ ఆయన వాక్యాన్ని మనదిగా చూపించారు, ఇక్కడ మన మాటను ఆయనదిగా చూపించింది. బాగా రాయగలిగిన వాళ్లు ఎక్కువగా పడేది ఈ రెండో గోతిలోనే.

“మరి ఊళ్ల పేర్లు తీసేయమంటారా మాస్టారూ?” అంది.

“తీసేయకమ్మా, నీ వాక్యంలో పెట్టుకో. ఆయన పేరు తర్వాతి వాక్యంలో రానీ,” అన్నాను.

కూర్చుని రాస్తే చివరికి తేలిన రూపం ఇది:

“తెనాలి చుట్టుపక్కల మాగాణి ఊళ్లకూ నరసరావుపేట వైపు మెట్ట ఊళ్లకూ మధ్య కనిపించే అంతరాన్ని వివరించడానికి నేల స్వభావం ఒక్కటే చాలదు. రచయిత (సంవత్సరం) వాదన ప్రకారం, కాలువ కింది ఊళ్లలోనూ మెట్టలోనూ వ్యవసాయం వేరు దారులు పట్టడానికి మూలం నీరు అందడం, అందకపోవడంలోనే ఉంది (పు. 112). ఆ నీటిని తెచ్చిన ఆనకట్టకు అనుమతి ఎందుకు దొరికిందన్న చోట మాత్రం ఆయన ఆచితూచి మాట్లాడతారు. నందన కరువు నేపథ్యాన్ని కాదనరు, భూమి శిస్తు పెరుగుతుందన్న ఆశకూ దానితో సమానమైన బరువు ఉండి ఉండవచ్చని సూచిస్తారు (పు. 112). అదే నిజమైతే, కాలువలు ఏ ఊళ్ల మీదుగా వెళ్లాలో తేల్చడంలో కూడా శిస్తు లెక్కలు పనిచేశాయా? ఈ అధ్యాయం ఆ ప్రశ్నతో మొదలవుతుంది.”

మూల పేరాతో పోల్చి చూడండి. ఫలితం ముందుకు వచ్చింది, కరువు వెనక్కు వెళ్లింది, 1855 అవసరం లేక జారిపోయింది. ‘నేపథ్యం’, ‘భూమి శిస్తు’, ‘ఆనకట్ట’ అలాగే ఉన్నాయి, ఎందుకంటే అవి సంగతికి చెందిన మాటలు, రచయిత శైలికి కాదు. ‘బహుశా’ పోయినా దాని పని ‘ఉండి ఉండవచ్చని సూచిస్తారు’ చేస్తోంది. ఆ ‘సూచిస్తారు’ బదులు ‘నిరూపిస్తారు’ అనో ‘స్పష్టం చేశారు’ అనో పడితే పేరా మళ్లీ అబద్ధమవుతుంది. మన థీసిస్‌లలో అందరూ అన్నీ ‘స్పష్టం చేస్తూనే’ ఉంటారు, పత్రికా విలేకరుల సమావేశంలో మంత్రుల్లాగా.

ఎవరి మాట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో కూడా చూడండి. మొదటి వాక్యానికి ఎవరి పేరూ లేదు, అది ఆమెది, దానికి రుజువు ఆమే చూపించుకోవాలి. రెండో వాక్యంలో ఆయన పేరుతో తలుపు తెరుచుకుంది. నాలుగో వాక్యం చివరి పుట సంఖ్యతో మూసుకుంది. ఐదో వాక్యం మళ్లీ ఆమెది. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ వారి ఆధార సూచన పద్ధతి, ఏపీఏ ఏడో కూర్పు ప్రకారం, ఒకే మూలం నుంచి కొన్ని వాక్యాలు సాగుతున్నప్పుడు ప్రతి వాక్యానికీ ఆధార సూచన తగిలించనక్కరలేదు. ఎవరి మాట నడుస్తోందో స్పష్టంగా ఉంటే మొదట ఇచ్చినది చాలు. చాలామంది చేసే పొరపాటు పేరా మొత్తం రాసి చిట్టచివర ఒక్క సూచన పెట్టడం. అప్పుడు ఐదో వాక్యంలోని ప్రశ్న కూడా ఆయనదైపోతుంది, ఆమె సొంతంగా చేసిన ఒక్క పనీ ఆయన ఖాతాలో పడుతుంది. లేదంటే ఆ సూచన చివరి వాక్యానికే చెందుతుందని పాఠకుడు అనుకుంటాడు, అప్పుడు పై వాక్యాలన్నీ ఆధారం లేనివవుతాయి.

పుట సంఖ్య విషయంలో ఏపీఏ కొంచెం ఉదారంగా ఉంటుంది. ఉటంకింపుకు అది తప్పనిసరి, పారాఫ్రేజ్‌కు రచయిత, సంవత్సరం చాలు, పుట ఇస్తే మంచిదంటుంది. ఎమ్మెల్యే పద్ధతిలో సంవత్సరం ఉండదు, పుట ఉన్న పుస్తకానికి పుట ఇవ్వాల్సిందే. (ఎమ్మెల్యే అనగానే విద్యార్థులు నవ్వుతారు. మోడర్న్ లాంగ్వేజ్ అసోసియేషన్ వారి పద్ధతి అది, మన శాసనసభతో సంబంధం లేదు.) ఏ పద్ధతి వాడినా చిక్కని పేరాకు పుట ఇవ్వకుండా వదలొద్దన్నది నా పట్టుదల. మూడు వందల పుటల పుస్తకంలో శిస్తు మాట ఎక్కడుందో పరీక్షకుడు వెతుక్కోవాలనడం మర్యాద కాదు. పైగా మూడేళ్ల తర్వాత వైవా ముందు రోజు రాత్రి వెతుక్కోవాల్సింది మనమే.

కొన్ని పేరాలను తిరిగి చెప్పే ప్రయత్నమే చేయకూడదు. చట్టంలోని సెక్షను, ఒక భావనకు ఆ రచయిత ఇచ్చిన నిర్వచనం, ఏ పదం వాడారన్న దాని మీదే తగవు నడుస్తున్న వాక్యం వంటివి. వాటిలో పదం కదిపితే సంగతి కదులుతుంది. అక్కడ ఉటంకింపు గుర్తులు పెట్టి ఉన్నది ఉన్నట్టు ఇవ్వాలి. ఏపీఏలో 40 పదాలు, అంతకు మించితే గుర్తులు తీసేసి విడిగా పక్కకు జరిపిన పేరాగా ఇవ్వాలి. మధ్యేమార్గం కూడా ఉంది. మొత్తాన్ని సొంతంగా చెప్పి, వదలలేని రెండు మూడు మాటలను మాత్రం గుర్తుల మధ్య ఉంచడం. మన పేరాలో రచయిత ‘రెండు భిన్నమైన వ్యవసాయ ఆర్థిక వ్యవస్థలు’ అన్న మాట మీదే నా వాదన ఆధారపడి ఉంటే, దాన్ని గుర్తుల్లో పెట్టి పుట ఇస్తాను. ఐదు మాటలకు ఐదు పర్యాయపదాలు వెతకను.

ఇంగ్లీషు మూలాన్ని తెలుగులోకి తెచ్చేవారికి ఒక హెచ్చరిక. వాక్యానికి వాక్యం తెలుగు చేస్తే ఒక్క పదమూ కలవదు, యంత్రం సున్నా చూపిస్తుంది. అయినా అది అనువాదమే, పారాఫ్రేజ్ కాదు. అనువాదం చేస్తే చేశానని చెప్పాలి, లేదంటే ఇంగ్లీషు పేరాకు కూడా ముందు పొడి నోటు రాసుకుని అక్కడి నుంచే కట్టుకు రావాలి. నోటును మొదటి నుంచీ తెలుగులోనే రాసుకుంటే సగం పని అయిపోతుంది.

చివరగా మిగిలింది, చిక్కని పేరాల్లో తరచుగా ఉండే లోపలి ఆధారం. మన నమూనాలో శిస్తు మాట దగ్గర మూల రచయిత ఒక కలెక్టరు నివేదికను చూపించాడనుకుందాం. ఆ నివేదిక మా అమ్మాయి చూడలేదు. పేరాను తిరిగి రాసేటప్పుడు ఆ నివేదిక పేరు, సంవత్సరం కూడా దించుకుని, తనే చూసినట్టు గ్రంథసూచికలో చేర్చాలన్న కోరిక కలుగుతుంది. సూచిక బరువుగా కనిపిస్తుంది మరి. చూడనిదాన్ని చూసినట్టు చెప్పకూడదు. నివేదికను పేర్కొని, అది ‘రచయిత (సంవత్సరం, పు. 112)లో ఉదాహరించినట్లు’ అని రాయాలి. సూచికలో చదివిన పుస్తకం మాత్రమే ఉండాలి. ఆ నివేదిక అంత ముఖ్యమైతే వెళ్లి చూడాలి. చూశాక ఒక్కోసారి రచయిత ‘బహుశా’ అని ఎందుకు అన్నాడో తెలుస్తుంది, ఒక్కోసారి ఆ జాగ్రత్త కూడా సరిపోలేదని తెలుస్తుంది. రెండో సందర్భంలో తిరిగి చెప్పాల్సిన పేరా కాస్తా ఖండించాల్సిన పేరాగా మారుతుంది. అప్పుడైతే ఆయన వాక్యాన్ని గుర్తుల మధ్య, అక్షరం మార్చకుండా ఇవ్వాలి.